‘మనం’లో మీరున్నారా?

మిర్యాలగూడకు కోడలుగా వచ్చిన ఒక ఇంగ్లండు అమ్మాయి అడిగిన ప్రశ్న ఇది: “అంకుల్, ‘మా ఇంట్లో బియ్యం అయిపోయినయ్’ అంటే మా ఆయన ఎందుకు నవ్విండు?”

వాక్యంలో వంక పెట్టడానికేమీ లేదు. ఉచ్చారణ కూడా బాగుంది. అయితే ఆ మాట ఆమె అన్నది ఆయనతోనే. ‘మా ఇల్లు’ అన్నామంటే ఎదుటి మనిషికి ఆ ఇంట్లో వాటా లేదన్నమాట. పెళ్లయిన ఆడబిడ్డ భర్తతో ‘మా ఇల్లు’ అంటే మన దగ్గర ఒక్కటే అర్థం, తల్లిగారిల్లు. ఇంగ్లండులో వాళ్ల అమ్మానాన్నలకు బియ్యం నిండుకున్నాయని ఆమె మిర్యాలగూడలో మొగుడికి కబురు చెప్పిందన్నమాట. ఆయన నవ్వక ఏం చేస్తాడు? అదే వాక్యం పక్కింటామెతో అని ఉంటే చక్కగా సరిపోయేది. భర్తతోనైతే ‘మన ఇంట్లో’ అనాలి. ఇల్లు అదే, బియ్యం అవే. మారింది వినే మనిషి.

ఇంగ్లీషు ‘వీ’లో నేనున్నాను, నాతో ఇంకొందరున్నారు. ఆ ఇంకొందరిలో వినేవాళ్లు ఉన్నారో లేరో ఆ మాట చెప్పదు. తెలుగు ఆ సంగతి ముందే తేల్చమంటుంది. వినేవాళ్లను కలుపుకుంటే మనం, బయట ఉంచితే మేము. మన బడి వ్యాకరణం ఈ రెండింటినీ ‘ఉత్తమ పురుష బహువచనం’ అని ఒకే గదిలో పడేసి తలుపేసుకుంటుంది. పిల్లలకు అది చాలు, వాళ్లకు ముందే వచ్చు. బయటి నుంచి వచ్చి నేర్చుకునేవాళ్లకే చిక్కు. నిఘంటువులో ‘వీ’కి ఎదురుగా ‘మేము’ కనిపిస్తే చాలు, దాన్నే పట్టుకుని అన్నిచోట్లా వాడేస్తారు.

‘మేము’ అంటే దగ్గరివాళ్లు, ‘మనం’ అంటే అందరూ అని ఆమెకు ఎవరో చెప్పారట. అది తప్పు దారి. మనిషి ఎంత దగ్గర, గుంపు ఎంత పెద్దది అన్న లెక్క ఇక్కడ లేదు. ‘మనిద్దరం’ అంటే ఇద్దరే, నువ్వూ నేనూ. ‘మేం నల్లగొండ జిల్లావాళ్లం’ అని బయటి జిల్లా మనిషితో అంటే అందులో లక్షల మంది ఉన్నారు.

మాట నోట్లో ఉండగానే ఇది ఎలా మారుతుందో చూడాలంటే ఫోను మాట్లాడే మనిషిని గమనించాలి. ఆమె భర్త దేవరకొండలో ఉన్న అక్కకు ఫోన్ చేశాడనుకుందాం. “అక్కా, మేం రేపు పొద్దున వస్తం” అంటాడు. ఫోను చెవి దగ్గర ఉండగానే భార్య వైపు తిరిగి “మనం ఎన్నింటికి బయల్దేరుతున్నం?” అని అడుగుతాడు. ప్రయాణం ఒకటే, పోయే ఇద్దరూ ఆ ఇద్దరే. ఫోన్లోకి మేం, భార్యకు మనం. భార్య ఫోను లాక్కుని “వదినా, మేం ఏడింటికి ఎక్కుతం” అంటుంది. ఆమెకూ ఇప్పుడు వినేది వదిన కాబట్టి, పక్కనే ఉన్న భర్తను తనతో కలుపుకుని, వదినను బయట ఉంచింది. అటు నుంచి అక్క “వచ్చినంక మనమందరం సాగర్ పోదాం” అంటే ముగ్గురూ లోపలికి వచ్చేశారు. ఒక్క నిమిషంలో గీత ఇన్నిసార్లు చెరిపి గీశారు, ఎవరికీ ఆలోచించే పని పడలేదు.

క్రియ ఇక్కడ సాయం చేయదు. మేం పోతున్నం, మనం పోతున్నం. రెండింటికీ చివర అదే ‘ం’. సర్వనామం వదిలేసి “రేపు యాదగిరిగుట్టకు పోతున్నం” అంటే వినే పక్కింటామెకు తనను పిలిచారో లేదో తెలియదు. “ఎవరెవరు?” అని అడగాల్సిందే. అనుమానం వచ్చే చోట సర్వనామం మింగేయకుండా పలకమని నేర్చుకునేవాళ్లకు చెబుతాను. విభక్తుల్లో మాత్రం తేడా స్పష్టం: మాకు, మనకు, మాతో, మనతో, మమ్మల్ని, మనల్ని. ‘మేముకు’ అనకపోతే చాలు.

క్రియల్లో ఒక్కటి మాత్రం పక్షం వహిస్తుంది. అది ‘దాం’. పోదాం, తిందాం, చూద్దాం. ఇందులో వినేవాళ్లు ఉండి తీరాలి. ‘మనం పోదాం’ అంటాం, ‘మేం పోదాం’ అనం. విచిత్రమేమిటంటే ఈ తేడా ఇంగ్లీషు మనిషికి పుట్టుకతోనే తెలుసు. ‘లెట్స్ గో’ అంటే పోదాం. గదిలో పెట్టి తాళం వేసినవాడితో ‘లెట్ అస్ గో’ అంటే మమ్మల్ని పోనీయమని. ఆ రెండోదాన్ని కుదించి ‘లెట్స్’ అని ఏ ఇంగ్లీషువాడూ అనడు. అంటే తాళం వేసినవాణ్ని కూడా వెంట రమ్మన్నట్టవుతుంది. ‘లెట్స్’లో మనం ఉంది, విడదీసిన ‘లెట్ అస్’లో మేమూ ఇమడగలదు. ఈ ఒక్క ఉదాహరణ చెప్పాక ఆ అమ్మాయికి సగం టెన్షన్ పోయింది.

రెండు రోజులకే ఇంకో ప్రశ్న తెచ్చింది. “‘మేం పోదాం’ తప్పన్నారు. మా అత్తమ్మ పక్కింటామెతో ‘మేం గుట్టకు పోదామనుకుంటున్నం’ అన్నది. మరి అది?” గట్టి ప్రశ్న. వాక్యాన్ని విప్పి చూడాలి. ఇంట్లోవాళ్లు కూర్చుని ఒకరితో ఒకరు ‘పోదాం’ అనుకున్నారు. ఆ క్షణంలో అనేవాళ్లూ వినేవాళ్లూ వాళ్లే, కాబట్టి ‘దాం’ సరైనదే. ఆ మాటను ఉన్నదున్నట్టు ఎత్తి పక్కింటామె ముందు పెట్టారు. ‘మేం’ జత కట్టింది ‘అనుకుంటున్నం’తో, ‘పోదాం’తో కాదు. పక్కింటామెకు ఇందులో ఆహ్వానం లేదు. మధ్యలో ‘అను’ ఉండబట్టే ఈ రెండు లోకాలూ ఒక వాక్యంలో పడతాయి.

గుట్ట పేరెత్తాం కాబట్టి దేవుడి సంగతి. నరసింహస్వామి ముందు నిలబడి ‘మమ్మల్ని కాపాడు స్వామీ’ అని మొక్కుతాం. ‘మనల్ని కాపాడు’ అంటే ఆయనకూ ఆపద ఉన్నట్టే! మెట్లు దిగుతూ పక్కవాళ్లతో మాత్రం ‘స్వామే మనల్ని కాపాడుతడు’ అంటాం. కలెక్టరుకు రాసే అర్జీకీ ఇదే పద్ధతి, ‘మా ఊరి నీళ్లల్ల ఫ్లోరైడ్ ఉంది’ అనే రాస్తారు. ఓట్లకు వచ్చినాయన మాత్రం ‘మన ఊరు’ అంటాడు. రాష్ట్ర ప్రభుత్వం 2022లో వనపర్తిలో మొదలుపెట్టిన బడుల పథకానికి ‘మన ఊరు - మన బడి’ అనే పేరు పెట్టింది. చదివేవాణ్ని లోపలికి లాగే పేరది. అక్కడ ‘మా’ పెడితే బడి తలుపు మూసినట్టుండేది.

ఇది ఇంగ్లీషువాళ్లకే కష్టం అనుకోవద్దు. నారాయణపేట దాటితే మాట్లాడే కన్నడలో ‘నావు’ ఒక్కటే, కలుపుకోవడానికీ బయట పెట్టడానికీ అదే. తమిళంలో నామ్, నాంగళ్ అని రెండున్నాయి. పాపువా న్యూగినీలో ఇంగ్లీషు మాటలతోనే అల్లుకున్న టోక్ పిసిన్ భాషలో ‘యుమి’ అంటే మనం, ‘మిపెలా’ అంటే మేము. ‘యు’, ‘మి’ కలిపితే మనం! ఇంగ్లీషు సరుకుతోనే ఈ తేడా కట్టుకోవచ్చని అక్కడివాళ్లు చూపించారు.

ఇక ఆమెకు బస్సులో ఎదురయ్యే పరీక్ష ఒకటుంది. పక్క సీటు పెద్దాయన “మనది ఏ ఊరమ్మా?” అంటాడు. ఆయనకు ఆమె ఊళ్లో వాటా లేదు. ‘మీది’ అంటే కటువుగా ఉంటుందని మర్యాదకు కలుపుకున్నాడు. “మాది మిర్యాలగూడ” అంటే సరిపోతుంది. ఆయనదీ మిర్యాలగూడే అని తేలితే అప్పుడు ఇద్దరూ ‘మన’లోకి రావచ్చు.