చిల్డ్ వాటర్ కమిషనింగ్ రిపోర్ట్: 7 డిగ్రీలు వస్తే పాసైనట్టేనా?

అపోహ: చిల్లర్ నుంచి 7 డిగ్రీల నీళ్లు వస్తున్నాయంటే చిల్లర్ పాసైనట్టే.

వాస్తవం: హైదరాబాద్‌లో ఒక ఆఫీసు బిల్డింగ్‌కు జనవరిలో టెస్టింగ్ చేశాం. 300 టన్నుల చిల్లర్, ఇక్కడ టన్ను (TR) అంటే 3.517 కిలోవాట్ల వేడి తీసే సామర్థ్యం. డిజైన్ ప్రకారం సెకనుకు 45.8 లీటర్ల నీళ్లు తిరగాలి, 12.5 డిగ్రీలతో వచ్చినవి 7కి దిగాలి. అల్ట్రాసోనిక్ మీటర్‌లో ఫ్లో 45 లీటర్లు చూపించింది, చిల్లర్ దాటిన నీళ్లు సరిగ్గా 7 డిగ్రీలున్నాయి. కాంట్రాక్టర్ 'పాస్' అని రాసేశారు. కానీ తిరిగొచ్చే నీళ్లు 9.5 డిగ్రీలే.

```
4.187 × 45 × (9.5 − 7.0) = 471 kW
471 ÷ 3.517 = 134 TR
```

అంటే చిల్లర్ ఆ రోజు తీసిన వేడి 134 టన్నులే, సగం కూడా కాదు. జనం ఇంకా చేరని బిల్డింగ్‌లో, చలికాలంలో అంతకంటే వేడి దొరకదు. చిల్లర్‌ది తప్పని కాదు, మిగతా 166 టన్నులు ఇస్తుందో లేదో ఆ టెస్ట్‌లో తేలలేదు. అందుకే 'పాస్' అన్న మాట కొట్టేసి, '134 టన్నుల వద్ద పరీక్షించాం, ఎక్కువ లోడ్ టెస్ట్ మేలో చేయాలి' అని రాయించి, పెండింగ్ పనుల్లో చేర్పించాను.

ఇంకో సంగతి. తేడా 2.5 డిగ్రీలే ఉన్నప్పుడు థర్మామీటర్లు అర డిగ్రీ తప్పు చూపినా దాదాపు 27 టన్నులు అటూ ఇటూ అవుతాయి. రెండు సెన్సర్లనూ ఒకే బకెట్ నీళ్లలో పెట్టి, రీడింగులు కలుస్తున్నాయో లేదో ముందే చూసుకోవాలి.

అపోహ: మొత్తం ఫ్లో సరిపోతే ప్రతి ఫ్లోర్‌కూ నీళ్లు అందినట్టే.

వాస్తవం: అదే బిల్డింగ్‌లో నాలుగో ఫ్లోర్‌కు చల్లగాలి పంపే ఏహెచ్‌యూకి సెకనుకు 3 లీటర్లు రావాల్సింది, 1.9 వచ్చాయి. తగ్గిన నీళ్లు మిగతా ఫ్లోర్లకు పోతున్నాయి కాబట్టి మొత్తంలో లోటు కనబడలేదు. పైపులో చెత్తను ఆపే స్ట్రైనర్‌కు ముందూ వెనకా ఒకే గేజ్‌తో ప్రెజర్ చూశాం. రెండు గేజ్‌లు పెడితే వాటి మధ్య తేడా కూడా లెక్కలో కలిసిపోతుంది. 0.4 బార్ పడిపోతోంది. విప్పితే ఫ్లషింగ్‌లో పోని వెల్డింగ్ చెత్త. శుభ్రం చేశాక ఫ్లో 2.9కి వచ్చింది. వెంటనే పక్క ఫ్లోర్ల ఫ్లో కూడా మళ్లీ కొలిచాం, ఎందుకంటే ఒకచోట నీళ్లు పెరిగితే ఇంకోచోట తగ్గుతాయి.

అపోహ: డిఫెక్ట్ లిస్ట్‌లో 'స్ట్రైనర్ శుభ్రం చేశాం, క్లోజ్డ్' అంటే చాలు.

వాస్తవం: చాలదు. ఏ ఫ్లోర్, ఏ స్ట్రైనర్, ముందు 1.9, తర్వాత 2.9, ఏ తేదీన ఎవరు కొలిచారు, ఇవన్నీ ఉండాలి. రెండేళ్ల తర్వాత ఆ ఫ్లోర్‌లో చల్లదనం తగ్గితే, మెయింటెనెన్స్ వాళ్లు పోల్చుకోవడానికి ఆ 2.9 ఒక్కటే ఆధారం.

మేలో మళ్లీ వెళ్లాం. ఫ్లో అదే 45 లీటర్లు, తిరిగొచ్చే నీళ్లు 11.9 డిగ్రీలు, బయటికి 7. లెక్క 262 టన్నులకు వచ్చింది. ఆ రోజు అంతకుమించి లోడ్ దొరకలేదు. రిపోర్ట్‌లో 300 అని కాకుండా 262 అనే రాశాం.