‘రాడు’లో ‘కాదు’ ఎక్కడుంది?

‘వచ్చాడు’ను విడదీయడం తేలిక. ‘వచ్చ్’ అంటే రావడం, ‘ఆ’ అంటే జరిగిపోయింది, ‘డు’ అంటే వాడు. ఇలా అర్థమున్న అతిచిన్న ముక్కను పదాంశం అంటారు. పూసలు గుచ్చినట్టు పదాంశాలను వరసగా గుచ్చితే మాట వస్తుందని ఒక వాదం.

ఇప్పుడు ‘రాడు’ను విడదీయండి. ‘డు’ పోగా మిగిలింది ‘రా’. మరి ‘కాదు’ అన్న అర్థం ఎక్కడుంది? ‘రా’లో లేదు, ‘ఇటు రా’, ‘రావాలి’ అన్నప్పుడూ అదే ‘రా’. ‘డు’లోనూ లేదు, అది ‘వచ్చాడు’లోనూ ఉంది. ‘తినడు’లో ‘అ’ ఉంది కదా, ఇక్కడది ‘రా’లో కలిసిపోయిందని కొందరంటారు. కానీ ‘తినగానే’లోనూ ‘తిన’ ఉంది, అందులో వ్యతిరేకం ఏమీ లేదు.

అప్పుడు మిగిలేది సున్న. వినిపించని పదాంశం ఒకటి అక్కడ కూర్చుందని చెప్పడమే దారి. ఇది కొత్త ఆలోచనేం కాదు. కనిపించకపోవడానికే ‘లోపం’ అని పేరు పెట్టింది పాణిని సూత్రం (1.1.60). అయితే ఆయన లోపానికి ఓ లెక్క ఉంది: ముందు ఒక అక్షరమో ప్రత్యయమో రావాలి, తర్వాత అది పోవాలి. ఆ కట్టుబాటు లేకపోతే సున్నను ఎక్కడ కావాలంటే అక్కడ పెట్టుకోవచ్చు, తప్పని ఎవరూ నిరూపించలేరు.

‘వచ్చు’ పోయి ‘రా’ రావడం మరో చిక్కు. ఒకే క్రియకు పోలికలేని రూపం రావడాన్ని సప్లీషన్ అంటారు. (చరిత్రలో ఈ రెండూ ఒకే ధాతువు నుంచి వచ్చినవే, మాట్లాడేవాళ్ళకు ఆ సంగతి అక్కర్లేదు.) ‘ఉన్నాడు’, ‘లేడు’ ఇంకా గట్టి జోడీ. ‘లే’ అంటే ‘ఉండు’, ‘కాదు’ రెండూ కలిసిన ఒకే ముక్కా? లేక ‘ఉండు’కు మారురూపమా, పక్కన వ్యతిరేకపు సున్న ఉందా? రెండు లెక్కలూ సరిపోతాయి. ఏది నిజమో తేల్చే ఆధారం ఆ మాటలో లేదు.

ఇంగ్లీషు ‘టుక్’తో 1954లో అమెరికన్ భాషాశాస్త్రవేత్త చార్లెస్ హాకెట్ ఇదే తంటా చూపించాడు. ‘టేక్’కు మారురూపం, పక్కన భూతకాలపు సున్న అనవచ్చు. రెండర్థాలూ మోసే ఒకే ముక్క అనవచ్చు. అచ్చు మారడమే భూతకాలం అనవచ్చు. కానీ మార్పు ఒక పని, ముక్క కాదు. అది పూసల దండలో ఇమడదు.

అందుకే కొందరు ముక్కలను వదిలి క్రియారూపాల పట్టికను పట్టుకున్నారు. వస్తాడు, వచ్చాడు, రాడు అనే గళ్ళు ముందు, ముక్కలు తర్వాత. అలా చూస్తే ‘కాదు’ను వెతకనక్కర్లేదు: కాలం గుర్తు లేకుండా ‘డు’ నేరుగా ధాతువుకు అంటుకోవడమే ఆ గడికి గుర్తు. నాకు ఈ చూపే నచ్చుతుంది. కాకపోతే రాను, రావు, రాడు, రారు అని చదివితే చివరి ముక్కలు మాత్రం కత్తితో కోసినట్టు విడిపోతాయి. అంత శుభ్రంగా ఎందుకు విడిపోతున్నాయో పట్టిక ఒక్కటే చెప్పలేదు.