ఓఆర్ఎస్ ఇచ్చినా మోషన్స్ ఎందుకు ఆగవు? పిల్లల విరేచనాలపై అపోహలు, వాస్తవాలు

నేను పిల్లల డాక్టర్‌ని. నీళ్ల విరేచనాలతో వచ్చే బిడ్డల తల్లిదండ్రుల నోట ఎక్కువగా వినే మాట ఇది: "ఓఆర్ఎస్ ఇస్తూనే ఉన్నాం డాక్టర్ గారూ, మోషన్స్ మాత్రం ఆగట్లేదు. ఆగేందుకు ఏదైనా రాయండి." మిగతా అపోహలన్నీ దాదాపు ఈ మాటలోంచే వస్తాయి.

అపోహ: మోషన్స్ ఆగలేదంటే ఓఆర్ఎస్ పనిచేయనట్టే.

మోషన్స్‌ని ఆపడం ఓఆర్ఎస్ పని కాదు. పోయిన నీటినీ లవణాలనీ తిరిగి ఒంట్లోకి చేర్చడమే దాని పని. విరేచనాలప్పుడు పేగు లోపలి పొర దెబ్బతిన్నా, గ్లూకోజునీ సోడియాన్నీ జంటగా లోపలికి లాక్కునే దారి చాలావరకు తెరిచే ఉంటుంది. ఆ రెండింటి వెంటే నీరూ వెళ్తుంది. 1971లో బంగ్లాదేశ్ శరణార్థుల బన్‌గావ్ శిబిరంలో కలరా వ్యాపించి సెలైన్ అయిపోయినప్పుడు, డాక్టర్ దిలీప్ మహాలనబిస్ ఈ సూత్రాన్ని నమ్మి ఉప్పు, గ్లూకోజు కలిపిన నీళ్లు తాగించారు. నూటికి 30 దాకా ఉన్న మరణాలు 4 లోపుకి దిగాయి.

మామూలుగా విరేచనాలు తగ్గడానికి మూడు నుంచి ఏడు రోజులు పడుతుంది. ఈలోగా లెక్కపెట్టాల్సింది మోషన్స్‌ని కాదు. బిడ్డ మూత్రం పోస్తోందా, నాలుక తడిగా ఉందా, ఏడిస్తే కన్నీళ్లు వస్తున్నాయా అన్నది చూడండి.

అపోహ: వాంతులవుతుంటే నోటి ద్వారా ఏదీ నిలవదు, సెలైన్ పెట్టాల్సిందే.

8 కిలోల, పది నెలల పాప ఉందనుకుందాం. కళ్లు లోతుకు పోయాయి, చిరాగ్గా ఏడుస్తోంది, గ్లాసు చూస్తే ఆత్రంగా తాగుతోంది. పొట్ట మీద చర్మాన్ని పట్టి వదిలితే మెల్లగా వెనక్కి వెళ్తోంది. ఒంట్లో నీరు కొంత తగ్గిందని అర్థం. అలాంటప్పుడు కిలోకి 75 మి.లీ. లెక్కన 600 మి.లీ. ఓఆర్ఎస్ నాలుగు గంటల్లో ఇస్తాం. గ్లాసెడు ఒకేసారి పట్టిస్తే కక్కేస్తుంది. 5 మి.లీ. చెంచాతో రెండు నిమిషాలకోసారి ఇస్తే గంటకి 150, నాలుగు గంటలకి సరిగ్గా 600 అవుతుంది. వాంతి చేసుకుంటే పది నిమిషాలు ఆగి, ఇంకొంచెం నెమ్మదిగా మళ్లీ మొదలుపెట్టాలి. తల్లిపాలు మధ్యలో ఇస్తూనే ఉండాలి. ఇది తల్లికి ఓపిక పరీక్షే, కానీ చాలామంది పిల్లలు సూది లేకుండానే తేరుకుంటారు. కనురెప్పలు ఉబ్బితే ఓఆర్ఎస్ ఆపి పాలు, మంచినీళ్లు ఇవ్వాలి.

ఈ నాలుగు గంటల లెక్క ఆసుపత్రిలో మా కళ్ల ముందు జరగాల్సింది. ఒంట్లో నీరు ఇంకా తగ్గని బిడ్డకి ఇంట్లోనే, రెండేళ్ల లోపైతే ప్రతి మోషన్ తర్వాత 50 నుంచి 100 మి.లీ. ఇవ్వండి. పిలిస్తే పలకనంత మగతగా ఉన్నా, తాగలేకపోయినా ఆలస్యం చేయొద్దు. అప్పుడు సెలైన్ నిజంగానే అవసరం.

అపోహ: ప్యాకెట్ ఎలా కలిపినా పర్వాలేదు.

లీటరు ప్యాకెట్‌ని లీటరు నీళ్లలోనే, మొత్తం ఒకేసారి కలపాలి. చిన్న ప్యాకెట్ అయితే 200 మి.లీ.లో కలపాలి. నీళ్లు తక్కువైతే ఉప్పు ఎక్కువై బిడ్డకి ప్రమాదం. కలిపింది 24 గంటలు దాటితే పారేయండి. తీపి ఎక్కువగా ఉండే జ్యూస్ డబ్బాలు ఓఆర్ఎస్ కావు. ఆ చక్కెర పేగులోకి ఇంకా నీటిని లాగి మోషన్స్ పెంచుతుంది. "డబ్ల్యూహెచ్ఓ ఫార్ములా" అని ఉన్న ప్యాకెట్ అడగండి.

అపోహ: మోషన్స్ ఆపే బిళ్ల వేస్తే సరిపోతుంది.

నాకు ఎక్కువ భయం దీని గురించే. లోపెరమైడ్ లాంటి మందులు పేగు కదలికని తగ్గిస్తాయి. మోషన్ బయటికి రాదు, కానీ నీరు పేగులోనే నిలిచిపోతుంది. ఇంట్లోవాళ్లు తగ్గిందనుకుంటారు, లోపల ఒంటికి నీరు అందడం లేదు. చిన్నపిల్లల్లో పేగు పూర్తిగా కదలడం మానేసి పొట్ట ఉబ్బిపోవచ్చు, మత్తుగా పడిపోవచ్చు. పెద్దవాళ్లకి తెచ్చిన బిళ్లని సగం విరిచి పిల్లలకి వేయకండి.

అపోహ: యాంటీబయాటిక్ పడితే త్వరగా తగ్గుతుంది.

చిన్నపిల్లల్లో ఎక్కువ విరేచనాలకి కారణం రోటా లాంటి వైరస్‌లు. వాటి మీద యాంటీబయాటిక్ పనిచేయదు. పైగా పేగులోని మంచి బ్యాక్టీరియాని చంపి మోషన్స్‌ని పొడిగించొచ్చు. రెండు మందులు కలిపిన సిరప్‌ని షాపులో అడిగి తెచ్చేయడం మన దగ్గర మామూలైపోయింది. మోషన్‌లో రక్తం కనిపిస్తే, కలరా అనుమానం ఉంటే సంగతి వేరు. అప్పుడు మేమే రాస్తాం.

అపోహ: మోషన్స్ ఆగాయి కాబట్టి జింక్ ఆపేయొచ్చు.

విరేచనాలకి ఓఆర్ఎస్‌తో పాటు రాసే జింక్ బిళ్లని 14 రోజులూ వేయాలి. ఆరు నెలలు దాటితే రోజుకి 20 మి.గ్రా., రెండు నుంచి ఆరు నెలల మధ్య 10 మి.గ్రా., అంటే 20 మి.గ్రా. బిళ్లలో సగం. చెంచాలో తల్లిపాలు గానీ కాచి చల్లార్చిన నీళ్లు గానీ వేసి కరిగించి పట్టాలి. జింక్ ఇప్పటి విరేచనాలని కొంత తొందరగా తగ్గిస్తుంది. పూర్తి కోర్సు వాడితే తర్వాత రెండు మూడు నెలల్లో మళ్లీ వచ్చే అవకాశమూ తగ్గుతుంది. మూడో రోజున ఆపేస్తే ఈ రెండో లాభం పోతుంది. లోహం రుచికి కొందరు కక్కుతారు. అరగంట లోపే కక్కితే ఇంకోసారి వేయండి.