చామనఛాయ ముఖం మీద తెల్లపొర: సన్‌స్క్రీన్ ఎంపిక వెనుక ఉన్న కథ

కోఠిలోనో అమీర్‌పేటలోనో మందుల దుకాణానికి వెళ్లి సన్‌స్క్రీన్ అడిగితే ఇప్పుడు ‘మినరల్‌దా, కెమికల్‌దా’ అన్న ప్రశ్న ఎదురవుతోంది. మినరల్ అంటే భౌతిక సన్‌స్క్రీన్. అందులో జింక్ ఆక్సైడ్ గానీ, టైటానియం డయాక్సైడ్ గానీ, రెండూ గానీ పొడి రూపంలో ఉంటాయి. కెమికల్ అంటే అవోబెంజోన్ వంటి కర్బన సమ్మేళనాలు నూనెలోనో నీటిలోనో కరిగి ఉండే రకం. మొదటిది సురక్షితమన్న పేరు తెచ్చుకుంది గానీ, చామనఛాయ, నలుపు చర్మం ఉన్నవారు దాన్ని రాసుకుంటే ముఖం బూడిద పూసుకున్నట్టు కనిపిస్తుంది. రెండోది కనబడకుండా కలిసిపోతుంది గానీ, అది శరీరంలోకి ఇంకిపోతుందన్న భయం వెంటాడుతుంది. ఈ రెండింటి మధ్య ఊగిసలాట ఎందుకు వచ్చిందో తెలియాలంటే, సన్‌స్క్రీన్‌ను మొదట ఎవరి చర్మం కోసం తయారు చేశారో, దాని బలాన్ని ఏ కొలతతో చూశారో తెలుసుకోవాలి.

సీసాల మీద కనిపించే ఎస్పీఎఫ్ అన్న అంకె చర్మం ఎర్రబడటాన్ని కొలుస్తుంది. క్రీము రాసిన చోట చర్మం ఎర్రబడటానికి రాయని చోటికన్నా ఎన్ని రెట్లు ఎక్కువ ఎండ అవసరమైందన్నదే ఆ అంకె. ఆస్ట్రియాకు చెందిన ఫ్రాంజ్ గ్రైటర్ 1970ల్లో ఈ లెక్కను ప్రచారంలోకి తెచ్చాడు, 1978లో అమెరికా ఔషధ నియంత్రణ సంస్థ ఎఫ్‌డీఏ తన ముసాయిదా నిబంధనల్లో దాన్ని స్వీకరించింది. చర్మాన్ని ఎండకు స్పందించే తీరును బట్టి తరగతులుగా విభజించిన, అమెరికా చర్మవైద్యుడు ఫిట్జ్‌ప్యాట్రిక్ పద్ధతి 1975 నాటిది. అందులో మొదట ఉన్నవి నాలుగు తరగతులే, అవన్నీ తెల్లవారి చర్మానికి సంబంధించినవే. గోధుమ వర్ణానికీ నలుపుకూ అయిదు, ఆరు తరగతులను తరువాత చేర్చారు. నేటికీ ఎస్పీఎఫ్ పరీక్షలు ప్రధానంగా లేత రంగు చర్మం మీదే జరుగుతాయి, ఎందుకంటే ఎరుపు స్పష్టంగా కనబడేది అక్కడే.

మన చర్మానికి ఎండ వల్ల వచ్చే ఇబ్బంది వేరు. 1979లో అమెరికాలో కైడ్‌బీ, క్లిగ్‌మన్ తదితరులు ప్రచురించిన పరిశోధనలో, నల్లవారి చర్మపు పైపొర తనంతట తానే సుమారు 13.4 ఎస్పీఎఫ్‌కు సమానమైన రక్షణ ఇస్తుందనీ, తెల్లవారిలో అది 3.4 మాత్రమేననీ తేలింది. ముదురు చర్మం కాలి ఎర్రబడటం తక్కువ, నల్లబడటం ఎక్కువ. మంగు మచ్చలు ముదరడం, మొటిమ తగ్గాక దాని గుర్తు నెలల తరబడి మిగిలిపోవడం, హెల్మెట్ దిగువన మెడ వేరే రంగుకు తిరగడం మన దగ్గర వినిపించే ఫిర్యాదులు. వీటిని ఎస్పీఎఫ్ అంకె నేరుగా చెప్పదు. నల్లబడటాన్ని డబ్బా మీద చూపే గుర్తు ఆసియా నుంచే వచ్చింది. జపాన్ సౌందర్య సాధనాల పరిశ్రమ 1996లో పీఏ గుర్తును మొదలుపెట్టి, దీర్ఘ అతినీలలోహిత కిరణాలైన యూవీఏ వల్ల చర్మం ఎంత నల్లబడకుండా ఆగిందో ప్లస్ గుర్తులతో చూపింది. నాలుగో ప్లస్ 2013లో చేరింది. చామనఛాయ ఉన్నవారు ఎస్పీఎఫ్ 50కీ 70కీ మధ్య తేడా గురించి తర్జనభర్జన పడే బదులు ఈ ప్లస్‌లు లెక్కపెట్టుకోవడం మేలని నా అభిప్రాయం.

ఇక తెల్లపొర సంగతి. జింక్ ఆక్సైడ్, టైటానియం డయాక్సైడ్ రెండూ అసలు తెల్ల రంగులే. గోడలకు వేసే తెల్ల పెయింటులో తెలుపు వచ్చేది టైటానియం డయాక్సైడ్ వల్లే. దక్షిణాఫ్రికా బౌలర్ అలన్ డోనాల్డ్ బుగ్గల మీద మందంగా కనిపించిన తెల్లటి పూత జింకే. ఆ తెలుపుకు కారణం రెండు విషయాలు. మొదటిది వక్రీభవన గుణకం, అంటే ఒక పదార్థం వెలుగును ఎంత వంచుతుందో చెప్పే అంకె: చర్మానిదీ నూనెదీ 1.4 నుంచి 1.5 మధ్య ఉంటే, జింక్ ఆక్సైడ్‌ది సుమారు 2, టైటానియం డయాక్సైడ్‌ది 2.5కు పైనే. ఈ తేడా ఎంత పెద్దదైతే వెలుగు అంతగా చెదిరి తెల్లగా కనిపిస్తుంది, అందుకే ఒకే మోతాదులో టైటానియం జింక్‌కన్నా ఎక్కువ తెల్లగా ఉంటుంది. రెండోది రేణువు పరిమాణం: 200 నుంచి 300 నానోమీటర్ల రేణువులు కంటికి కనిపించే వెలుగును బాగా చెదరగొడతాయి.

1990లలో ఈ రేణువులను 100 నానోమీటర్లకన్నా చిన్నవిగా చేసే పద్ధతి అమ్మకాలకు అందుబాటులోకి వచ్చి తెలుపు బాగా తగ్గింది. అయినా పూర్తిగా పోలేదు. సన్నటి రేణువులు ట్యూబులో గుంపులుగా అతుక్కుని మళ్లీ పెద్దవైపోతాయి. అతుక్కోకపోయినా, నీలి కాంతిని మిగతా రంగులకన్నా ఎక్కువ చెదరగొడతాయి కనుక ముదురు చర్మం మీద అది తెలుపులా కాక బూడిద, ఊదా కలిసిన ఛాయలా కనబడుతుంది. పెళ్లిళ్లలో ఫ్లాష్ ఫోటోల్లో మెడ ఒక రంగు, ముఖం ఒక రంగుగా రావడానికి ఇదే కారణం. భౌతిక సన్‌స్క్రీన్ అద్దంలా ఎండను తిప్పికొడుతుందన్న మాట కూడా ఈ దశలో సరిచేసుకోవాలి. 2016లో వెలువడిన కొలతల ప్రకారం ఈ ఆక్సైడ్‌లు యూవీని ప్రధానంగా పీల్చుకునే ఆపుతాయి, తిప్పికొట్టేది సుమారు అయిదు శాతమే. అంటే కెమికల్ రకమూ మినరల్ రకమూ పనిచేసే తీరులో జనం అనుకున్నంత తేడా లేదు.

మన దేశంలో ఈ తెలుపు చాలాకాలం లోపంగా లెక్కకు రాకపోవడం గమనించవలసిన విషయం. 1919 నాటి అఫ్గాన్ స్నో మొదలుకొని 1975లో వచ్చిన ఫెయిర్ అండ్ లవ్లీ దాకా, ముఖం తెల్లబడటమే ఫలితమని నమ్మించిన బజారులో సన్‌స్క్రీన్ వదిలిన తెల్లపొర కూడా ‘మెరుపు’గా అమ్ముడుపోయింది. 2020లో ఆ పేరులోని ‘ఫెయిర్’ తీసివేశారు. ‘తెల్లపొర లేనిది కావాలి’ అని కొనేవారు అడగడం మన దగ్గర ఈ మధ్య వచ్చిన మార్పే.

తెల్లపొర పోగొట్టే ప్రయత్నంలో ఇంకో చిక్కు బయటపడింది. 2010లో అమెరికాలోని హెన్రీ ఫోర్డ్ ఆసుపత్రి పరిశోధకులు కంటికి కనిపించే వెలుగే ముదురు చర్మాన్ని నల్లబరుస్తుందనీ, అదే వెలుగు లేత చర్మం మీద ఆ ప్రభావం చూపలేదనీ ప్రచురించారు. ఈ నల్లదనం యూవీఏ వల్ల వచ్చేదానికన్నా గాఢంగా ఉండి, ఎక్కువ కాలం నిలిచింది. కెమికల్ సన్‌స్క్రీన్ ఏదైనా కనిపించే వెలుగును దాదాపు ఆపదు. సన్నరేణువుల జింకూ ఆపదు, ఎందుకంటే పారదర్శకంగా ఉండటమంటేనే వెలుగును పోనివ్వడం. తెల్లపొర లేకపోవడమూ వెలుగును ఆపడమూ రెండూ కావాలంటే రంగు ఉన్న పదార్థం ఉండాలి. అదే ఐరన్ ఆక్సైడ్. ఎరుపు, పసుపు, నలుపు రకాలను కలిపి చర్మపు ఛాయ తెప్పిస్తారు. మన ఇళ్లలో చెమటకాయలకు, ఆటలమ్మకు రాసే కాలమైన్ లోషన్ లేత గులాబీ రంగులో ఉండటానికి అందులోని జింక్ ఆక్సైడ్‌కు కాస్త ఐరన్ ఆక్సైడ్ తోడవడమే కారణం. 2014లో మెక్సికోలో మంగు ఉన్నవారి మీద జరిగిన పరీక్షలో, యూవీని మాత్రమే ఆపే సన్‌స్క్రీన్ వాడినవారికన్నా ఐరన్ ఆక్సైడ్ ఉన్నది వాడినవారిలో మచ్చలు ఎక్కువగా తగ్గాయి.

కెమికల్ రకం మీద భయానికి మూలం ఎక్కువగా అమెరికాలోనే ఉంది. ఎఫ్‌డీఏ 2019లో జింక్, టైటానియం రెండింటినే సురక్షితమైనవిగా ప్రతిపాదించి, మరో పన్నెండింటికి అదనపు సమాచారం కావాలని అడిగింది. అదే ఏడాది అవోబెంజోన్, ఆక్సీబెంజోన్ వంటివి రక్తంలోకి చేరుతున్నాయని ఒక అధ్యయనం చూపింది. రక్తంలో కనబడటమంటే హాని జరిగిందని కాదనీ, వాడకం మానవద్దనీ కూడా అప్పుడే చెప్పారు గానీ ఆ మాట అంతగా వ్యాపించలేదు. అమెరికాలో సన్‌స్క్రీన్ ఔషధం కిందకు వస్తుంది కనుక అక్కడ కొత్త ఫిల్టర్లు, అంటే యూవీని ఆపే పదార్థాలు, రావడం ఏళ్ల తరబడి ఆలస్యమైంది. ఐరోపాలో 2000 నుంచి వాడుకలో ఉన్న బెమోట్రిజినాల్ అన్న ఫిల్టర్ యూవీఏనూ, చర్మాన్ని ఎర్రబరిచే యూవీబీనీ రెండింటినీ ఆపుతుంది, ఎండకు చెడిపోదు, తొందరగా విరిగిపోయే అవోబెంజోన్‌ను కూడా నిలబెడుతుంది, అణువు పెద్దది కనుక చర్మంలోకి ఇంకడం తక్కువ. మన దేశంలో సన్‌స్క్రీన్ సౌందర్య సాధనాల నియమాల కిందకు వస్తుంది, ఈ ఫిల్టర్ ఉన్న ట్యూబులు ఇక్కడ దొరుకుతాయి. అమెరికా సలహాలు చదివి ‘కెమికల్ వద్దు’ అనుకునే హైదరాబాద్ పాఠకులు ఈ తేడాను గుర్తుంచుకోవాలి. గర్భిణులకు, కళ్లు మండేవారికి, సున్నితమైన చర్మానికి మినరల్ రకమే మొదటి ఎంపిక అన్న సలహా మాత్రం అలాగే ఉంది.

ఉదాహరణకు మెహిదీపట్నం నుంచి మాదాపూర్‌కు స్కూటీ మీద వెళ్లే, చామనఛాయ, బుగ్గల మీద మంగు ఉన్న ఒక ఉద్యోగినిని తీసుకుందాం. హైదరాబాద్‌లో సూర్యుడు మే రెండో వారానికీ, మళ్లీ ఆగస్టు మొదట్లోనూ నడినెత్తికి వస్తాడు. ఎండలోని యూవీ తీవ్రతను చెప్పే సూచిక వేసవి మధ్యాహ్నం అత్యంత తీవ్ర స్థాయి అయిన 11ను దాటడం ఇక్కడ మామూలే. సన్‌స్క్రీన్ పరీక్షల్లో చదరపు సెంటీమీటరుకు 2 మిల్లీగ్రాములు రాస్తారు. ముఖం వైశాల్యం సుమారు 600 చదరపు సెంటీమీటర్లు అనుకుంటే 1.2 గ్రాములు, అంటే చూపుడు వేలు, మధ్య వేలు పొడవునా రెండు గీతలు. ఆమె కొన్న క్రీములో 20 శాతం జింక్ ఉంటే, ఒక్కసారికి ముఖం మీద పావు గ్రాము తెల్లపొడి పరచుకుంటుంది. ఆ తెలుపు చూసి ఆమె సగమే రాస్తే, 50 అని రాసి ఉన్న రక్షణ సుమారు 25కు పడిపోతుంది. వాడుకలో తెల్లపొర చేసే అసలు నష్టం ఇదే.

ఆమెకు మంగు లేకుండా ఎండకు నల్లబడటమే సమస్య అయితే, పీఏ నాలుగు ప్లస్‌లున్న కెమికల్ రకాన్ని పూర్తి మోతాదులో రాసుకోవడమే సరైనది. మంగు ఉంది కనుక పైన రంగు కావాలి. అందుకు ఐరన్ ఆక్సైడ్ ఉన్న టింటెడ్ సన్‌స్క్రీన్ కొనవచ్చు. డబ్బా వెనుక సీఐ 77491, 77492, 77499 అన్న సంఖ్యలు ఆ మూడు రంగులను సూచిస్తాయి. అయితే అవి ఎంత శాతం ఉన్నాయో డబ్బా చెప్పదు. ‘అందరికీ సరిపోయే’ ఒకే ఛాయ అని అమ్మేవి చాలావరకు లేత చర్మానికి దగ్గరగా ఉండి, మన మీద నారింజగానో బూడిదగానో తేలతాయి. దుకాణంలోని ట్యూబ్‌లైటు కింద చేతి మీద కాకుండా, బయట పగటి వెలుగులో దవడ అంచున పూర్తి మోతాదు రాసి, పది నిమిషాలు ఆగి చూస్తే తెలిసిపోతుంది. సరైన ఛాయ దొరకకపోతే కింద కనబడని కెమికల్ సన్‌స్క్రీన్ రాసి, అది ఆరాక తన రంగుకు సరిపోయే, అవే మూడు సంఖ్యలున్న ఫౌండేషన్‌ను పలుచగా కాకుండా పూర్తిగా కప్పేలా వేయడం నడిచే మార్గమే. ఇక్కడ కింది పొర చెదరకుండా ఫౌండేషన్‌ను రుద్దకూడదు, అద్దాలి.

స్కూటీ మీద ముఖానికి చున్నీ చుట్టుకుంటే ఈ పూత బుగ్గల దగ్గరే రాసుకుని పోతుంది కనుక ఆఫీసు చేరాక మళ్లీ రాయవలసి వస్తుంది. ఆ చున్నీ పలుచటి తెల్ల నూలుది అయితే వెలుగు దాదాపు అలాగే లోపలికి వస్తుంది. దగ్గరగా నేసిన ముదురు రంగు గుడ్డ అయితే యూవీనీ వెలుగునూ రెండింటినీ ఏ క్రీముకన్నా బాగానే ఆపుతుంది.