ఆగస్టులో పెట్టెలు ఎందుకు తగ్గాయి?

విజయవాడ ఆటోనగర్‌లో అట్టపెట్టెలు చేసే ఒక యూనిట్‌లో లెక్కలు చూసే పాఠకుడొకరు ఒక ప్రశ్న పంపారు. 2025 జులైలో వాళ్లు 54,000 పెట్టెలు చేశారు, ఆగస్టులో 50,400. (అంకెలు తేలిగ్గా ఉండాలని కాస్త గుండ్రంగా మార్చాను.) ఓనర్ గారు ఏడు శాతం పడిపోయిందని అందరినీ నిలబెట్టి అడిగారట. ‘రెండు నెలలకూ 31 రోజులే కదండీ, మరి ఎందుకు తగ్గాయంటే ఏం చెప్పాలి?’ అని ఆయన బాధ.

జవాబు క్యాలెండర్లోనే ఉంది. 31 రోజులున్న నెలలన్నీ ఒకటి కావు. ఆ జులై మంగళవారం మొదలైంది కాబట్టి ఆదివారాలు నాలుగే. ఆరో తేదీన మొహర్రం వచ్చింది కానీ అదీ ఆదివారమే, విడిగా సెలవు పోలేదు. మిగిలినవి 27 పనిదినాలు. ఆగస్టు శుక్రవారం మొదలై ఐదు ఆదివారాలు తెచ్చింది. పైన శుక్రవారం నాడు స్వాతంత్ర్య దినం, 27న బుధవారం వినాయక చవితి. కృష్ణాష్టమికి యూనిట్ నడిచింది కాబట్టి దాన్ని తీసేయక్కర్లేదు. మొత్తం 24 పనిదినాలు. అంటే జులై కంటే మూడు రోజులు తక్కువ.

ఇప్పుడు భాగించి చూద్దాం. జులైలో రోజుకు 2,000 పెట్టెలు, ఆగస్టులో రోజుకు 2,100. పని తగ్గలేదు, ఐదు శాతం పెరిగింది! ఓనర్ గారికి శాతాలకంటే పెట్టెల్లో చెబితే బాగా ఎక్కుతుంది. జులై వేగంతోనే నడిచి ఉంటే 24 రోజుల్లో వచ్చేవి 48,000. అంటే సెలవులు 6,000 పెట్టెలు తీసుకెళ్లాయి, పనివాళ్లు 2,400 వెనక్కి తెచ్చారు. ఆయన రిజిస్టర్లో కనబడుతున్న 3,600 లోటు ఈ రెండింటి తేడా.

శాతాల్లోనే చెప్పాలంటే కూడికలు పనికిరావు, గుణించాలి. రోజులు 24/27, అంటే 0.889. వేగం 1.05. రెండూ గుణిస్తే 0.933, అంటే 6.7 శాతం తగ్గుదల. 11.1 లోంచి 5 తీసేస్తే 6.1 వస్తుంది కానీ అది తప్పు లెక్క.

నెల నెలా రోజులు లెక్కబెట్టుకోవడం విసుగు కాబట్టి స్ప్రెడ్‌షీట్‌కు అప్పజెప్పండి. సెలవు తేదీలు H నిలువు వరుసలో H2 నుంచి కిందికి రాసుకుంటే చాలు:

```
=NETWORKDAYS.INTL(DATE(2025,8,1),DATE(2025,8,31),11,H2:H20)
```

ఇందులో 11 అంటే వారంలో ఆదివారం ఒక్కటే సెలవని. శని, ఆదివారాలు రెండూ సెలవైతే 1 రాయాలి. మొహర్రంలా ఆదివారం మీద పడిన పండుగను ఇది రెండుసార్లు తీసేయదు. చేత్తో లెక్కపెట్టేవాళ్లు ఎక్కువగా పొరబడేది అక్కడే.

ఇక్కడిదాకా తేలికే. అసలు గొడవ, ఏ రోజులతో భాగించాలి అన్నది. బళ్లో సగటు చెప్పేటప్పుడు పైన ఏం వేయాలో గంటసేపు చెబుతాం, కింద వేసే అంకె మాత్రం లెక్కలోనే ఇచ్చేస్తాం. బయటికొచ్చాక ఆ కింది అంకెను ఎంచుకోవడమే అసలు పని.

యూపీఐ చూడండి. 2025 జనవరిలో దేశం మొత్తం మీద 1,699 కోట్ల లావాదేవీలు జరిగాయి, ఫిబ్రవరిలో 1,611 కోట్లు. ‘యూపీఐ తగ్గింది’ అని వార్తలొచ్చాయి. యూపీఐకి ఆదివారం లేదు, పండుగ లేదు, కాబట్టి దాన్ని 31తో, 28తో భాగించాలి. జనవరిలో రోజుకు 54.8 కోట్లు, ఫిబ్రవరిలో 57.5 కోట్లు. మొత్తం ఐదు శాతం తగ్గితే రోజువారీ ఐదు శాతం పెరిగింది. ఇక్కడ పనిదినాలతో భాగిస్తే అర్థం లేని అంకె వస్తుంది.

పెద్ద మొత్తాలు పంపే ఆర్టీజీఎస్ కథ ఇంకా తమాషా. 2020 డిసెంబరు 14 వరకు అది బ్యాంకు పనిదినాల్లోనే నడిచేది. ఆదివారాలు, రెండో, నాలుగో శనివారాలు బంద్. ఆ రోజు నుంచి ఇరవైనాలుగు గంటలూ, ఏడు రోజులూ నడుస్తోంది. అంటే మధ్యలో కింది అంకె మారిపోయింది. వ్యాపారాల చెల్లింపులు ఆదివారం ఎలాగూ తక్కువే. కాబట్టి ముందు నెలలను పనిదినాలతోనూ, తర్వాతి నెలలను మొత్తం రోజులతోనూ భాగించి పక్కపక్కన పెడితే, పని అంతే ఉన్నా రోజువారీ సగటు ఢమాల్న పడినట్టు కనిపిస్తుంది.

ఐదు ఆదివారాల నెల అందరికీ నష్టం అనుకోకండి. అదే ఆగస్టును మిఠాయి కొట్టు వైపు నుంచి చూద్దాం. కొట్టు రోజూ తెరిచే ఉంటుంది, ఆదివారం అమ్మకం మామూలు రోజుకు రెట్టింపు అనుకుందాం. మామూలు రోజుకు 1, ఆదివారానికి 2 వేస్తే జులైకి 27 + 8 = 35, ఆగస్టుకు 26 + 10 = 36. పెట్టెల యూనిట్‌కు మూడు రోజులు కోసేసిన నెల, మిఠాయి కొట్టుకు ఒక రోజు కలిపింది. ఇలా వారంలోని రోజులకు బరువులు వేసి లెక్కపెట్టే పద్ధతినే గణాంక శాఖలు ఇంకా పెద్ద ఎత్తున వాడతాయి. అమెరికా సెన్సస్ బ్యూరో తయారుచేసిన X-13ARIMA-SEATS ప్రోగ్రాం వారంలోని ఒక్కో రోజుకు ఒక్కో బరువును పాత డేటా నుంచే అంచనా వేస్తుంది.

ఐదేసి శుక్ర, శని, ఆదివారాలు వచ్చిన నెల అనగానే వాట్సాప్‌లో ఒక సందేశం తిరుగుతుంది: ఇలాంటిది 823 ఏళ్లకు ఒకసారే వస్తుంది, పదిమందికి పంపితే డబ్బొస్తుంది అని. 31 రోజుల నెల శుక్రవారం మొదలైతే చాలు, అలాగే వస్తుంది. 2023 డిసెంబరు, 2024 మార్చి, 2025 ఆగస్టు, 2026 మే, అన్నీ అలాంటివే. 823 ఏళ్లు కాదు కదా, మూడేళ్లు కూడా పట్టలేదు. పంపినవాళ్లకు డబ్బొచ్చిందో లేదో గాని, ఆదివారం సెలవిచ్చే యూనిట్లకు మాత్రం ఒక రోజు ఉత్పత్తి పోయింది.

మళ్లీ పెట్టెల దగ్గరికి వద్దాం. ఒక ఎత్తుగడ గురించి హెచ్చరించాలి. ఆగస్టులో మెషిన్ రెండు రోజులు బ్రేక్‌డౌన్ అయిందనుకోండి. ‘నడిచింది 22 రోజులే కదా’ అని 22తో భాగిస్తే సగటు 2,291 అవుతుంది, అందరూ సంతోషిస్తారు. కానీ ఆ రెండు రోజులు క్యాలెండర్ ఇవ్వలేక పోయినవి కావు, మనం పోగొట్టుకున్నవి. వాటిని కింది అంకెలోంచి తీసేస్తే బ్రేక్‌డౌన్ లెక్కలోంచే మాయమవుతుంది. ముందే తెలిసిన సెలవులను తీసేయాలి. మెషిన్ ఆగినా, కరెంటు పోయినా, జనం రాకపోయినా ఆ రోజును ఉంచాలి. అలాగే ఆర్డరు తొందరలో ఒక ఆదివారం ఓవర్‌టైమ్ నడిపితే ఆ రోజును తప్పకుండా కలపాలి. పెట్టెలు పైన వేసి, రోజును కింద వేయకపోతే సగటు అబద్ధమాడుతుంది.

ఇప్పుడు నాకు బాగా నచ్చిన భాగం. పనిదినాలతో భాగించడం వెనక మనం చెప్పకుండానే ఒక మాట ఒప్పుకుంటున్నాం: రోజు పోతే ఆ రోజు పని కూడా పూర్తిగా పోతుందని. నిజంగా పోతుందా? ఒక జ్యూస్ కంపెనీ నెలకు ఇన్ని పెట్టెలు కావాలని ఆర్డరిస్తే, సెలవులు ఎన్నున్నా నెలాఖరుకు అవి వెళ్లాల్సిందే. మూడు రోజులు పోతే మిగిలిన 24 రోజుల్లో కాస్త తొందరగా చేస్తారు. అప్పుడు తక్కువ రోజులున్న నెలలో రోజువారీ అంకె దానంతటదే పెరుగుతుంది, ఎవరూ కొత్తగా ఏమీ సాధించకపోయినా. బ్యాంకు కౌంటర్ కూడా అంతే: రెండు రోజులు మూసి తెరిచాక మూడో రోజు క్యూ రోడ్డు మీదికొస్తుంది. పోయిన పని కొంత వాయిదా పడిందే గాని పోలేదు.

దీన్ని కనిపెట్టడం కష్టం కాదు. గత 24 నెలల రోజువారీ సగటులను పనిదినాల సంఖ్య ప్రకారం వరుసపెట్టండి. 23, 24 రోజుల నెలల్లో ప్రతిసారీ సగటు ఎక్కువగా, 26, 27 రోజుల నెలల్లో తక్కువగా ఉంటే, భాగహారం అతి చేస్తోందన్నమాట. ఇంకొంచెం ఓపికుంటే ప్రతి నెలకూ ఉత్పత్తి లాగరిథమ్‌లో ముందు నెల నుంచి వచ్చిన మార్పును C లో, పనిదినాల లాగరిథమ్‌లో వచ్చిన మార్పును B లో పెట్టి, పనిదినాలు ఒక శాతం మారితే ఉత్పత్తి ఎన్ని శాతం మారుతోందో చెప్పే వాలు కట్టండి:

```
=SLOPE(C3:C25,B3:B25)
```

లాగరిథమ్ మార్పులే ఎందుకంటే, వ్యాపారం ఏడాదికేడాది పెరుగుతున్నా ఆ పెరుగుదల వాలును పాడుచేయదు. వాలు 1 దగ్గర వస్తే రోజు పోతే పని పోతుంది, మామూలు భాగహారం న్యాయమైనదే. సున్నా దగ్గర వస్తే నెల మొత్తాలనే నేరుగా పోల్చవచ్చు. చాలా చోట్ల మధ్యలో ఎక్కడో ఉంటుంది.

మన యూనిట్‌కు 0.5 వచ్చిందనుకుందాం. అప్పుడు రోజుల ప్రభావం 24/27 కాదు, దాని వర్గమూలం, 0.943. జులై 54,000ను దానితో గుణిస్తే ఆగస్టులో రావాల్సినవి సుమారు 50,900. వచ్చినవి 50,400. ఐదు శాతం పెరుగుదల కాస్తా ఒక శాతం తగ్గుదల అయిపోయింది! ఓనర్ గారి ఏడు శాతమూ నిజం కాదు, లెక్కలాయన ఐదు శాతమూ నిజం కాదు.

అయితే ఆ 0.5ను కూడా మరీ నమ్మకండి. పనిదినాలు 23కీ 27కీ మధ్యే ఆడతాయి కాబట్టి రెండేళ్ల డేటాతో వాలు గట్టిగా తేలదు, 0.3 కావచ్చు, 0.8 కావచ్చు. పండుగ ముందు కొనుగోళ్లు దాన్ని ఇంకా చెదరగొడతాయి. దసరా 2024లో అక్టోబరు 12న వచ్చింది, 2025లో అక్టోబరు 2న. రెండోసారి పండుగ పెట్టెలన్నీ సెప్టెంబరు ఖాతాలో పడి ఉంటాయి, దాన్ని ఏ పనిదినాల లెక్కా సరిచేయదు. అలాంటి నెలలను వాలులోంచి తీసేసి చూడటం మంచిది.

కాబట్టి ఆ పాఠకుడికి నా సలహా, ఓనర్ గారి ముందుకు వెళ్లే ముందు ఆర్డర్ పుస్తకం తెరవమని. ఆగస్టులో వెళ్లిన పెట్టెల్లో ఎన్ని నెలవారీ కోటా మీద వెళ్లాయి, ఎన్ని ఏ రోజుకారోజు వచ్చిన ఆర్డర్ల మీద వెళ్లాయి అని రెండుగా విడదీసి, రెండో వాటాను మాత్రం 24తో భాగించమని.