పచ్చి తెల్లసొన తాగితే బయోటిన్ ఏమవుతుంది?

పాలగ్లాసులో రెండు పచ్చి గుడ్లు కొట్టి, గిలక్కొట్టి, ముక్కు మూసుకొని తాగేయడం పహిల్వాన్ల కాలం నుంచీ ఉన్న అలవాటే. జిమ్‌లకు వెళ్ళే కుర్రవాళ్ళలో కొందరు దాన్ని ఇంకొంచెం మార్చారు. కొవ్వు ఉంటుందని పచ్చసొనను పారేసి, ఆరేడు గుడ్ల తెల్లసొనను మాత్రం పచ్చిగానే తాగుతున్నారు. అలా తాగితే జుట్టు ఊడుతుందని ఇంట్లో ఎవరో ఒకరు హెచ్చరిస్తారు, ఇన్నేళ్ళుగా తాగుతున్నా తమకేమీ కాలేదని వీళ్ళు కొట్టిపారేస్తారు. ఇద్దరి మాటలోనూ నిజం ఉంది. ఎవరి మాట ఎంతవరకు నిజమో తేల్చాలంటే, తెల్లసొనలో ఉండే అవిడిన్ అనే ప్రోటీన్ బయోటిన్ అనే విటమిన్‌ను ఎంత మేరకు కట్టిపడేయగలదో లెక్క కట్టి చూడాలి.

ఈ విషయం మొదట ఎలుకల మీద బయటపడింది. 1927లో లండన్‌లోని లిస్టర్ ఇన్‌స్టిట్యూట్‌లో మార్గరెట్ బోయస్ అనే శాస్త్రవేత్త ఎలుకలకు ప్రోటీన్ కోసం ఎండబెట్టిన పచ్చి తెల్లసొనను పెట్టింది. కొన్ని వారాలలో వాటి చర్మం మంటబారి పొలుసులు కట్టింది, బొచ్చు రాలింది, నడక తప్పింది, చివరకు అవి చనిపోయాయి. అదే తెల్లసొనను బాగా ఉడికించి పెడితే ఏ హానీ జరగలేదు. పచ్చిదాన్నే పెడుతూ దానితోపాటు కాలేయం గానీ ఈస్ట్ గానీ ఇచ్చినా ఎలుకలు బాగానే ఉన్నాయి. తెల్లసొనలో విషం ఉందని, కాలేయంలో దానికి విరుగుడు ఉందని అనుకోవడం అప్పట్లో సహజమే. అసలు సంగతి అది కాదని తెలియడానికి మరో పదమూడేళ్ళు పట్టింది. కాలేయంలో ఉన్నది విరుగుడు కాదు, ఒక విటమిన్. తెల్లసొన చేసేది విషప్రయోగం కాదు, ఆ విటమిన్‌ను ఒంటికి అందకుండా చేయడం. 1940 ప్రాంతంలో అమెరికాలోని టెక్సాస్‌లో ఈకిన్, స్నెల్, విలియమ్స్ ఆ పని చేసే ప్రోటీన్‌ను వేరుచేసి, బయోటిన్ మీద దానికున్న ఆబను బట్టి అవిడిన్ అని పేరు పెట్టారు. తమాషా ఏమిటంటే, ఆ బయోటిన్‌ను 1936లో కోగ్ల్, టోనిస్ మొట్టమొదట శుద్ధంగా రాబట్టింది కూడా గుడ్డులోంచే. దాదాపు 250 కిలోల ఎండిన పచ్చసొన నుంచి వారికి దక్కింది ఒక మిల్లీగ్రాముకు కాస్త ఎక్కువ. పట్టుకునేది తెల్లసొనలో, పట్టుబడేది పచ్చసొనలో, రెండూ ఒకే పెంకులో ఉన్నాయన్నమాట. పెరిగే పిల్లకు బయోటిన్ పచ్చసొనలో భద్రంగా ఉంటుంది. పెంకు దాటి లోపలికి చొరబడే సూక్ష్మజీవులకు తెల్లసొనలో బయోటిన్ దొరకకుండా చేయడమే అవిడిన్ పని అని శాస్త్రవేత్తలు భావిస్తారు.

అవిడిన్ నాలుగు ఒకే రకం భాగాలు కలిసిన ప్రోటీన్. ఒక్కొక్క భాగంలో ఒక లోతైన గుంట ఉంటుంది, ఆ గుంటలో బయోటిన్ అణువు అచ్చంగా ఇమిడిపోతుంది. రసాయన బంధం ఏర్పడకుండా రెండు అణువులు ఒకదాన్నొకటి పట్టుకునే సందర్భాలు జీవశాస్త్రంలో ఎన్నో ఉన్నాయి గానీ, ఇంత బిగువైన పట్టు మరొకటి అరుదు. ఒకసారి కూర్చున్న బయోటిన్ తనంతట తాను బయటపడాలంటే రోజుల తరబడి సమయం కావాలి, పేగులో తిండి ఉండేది గంటలే. మామూలుగా ఆహారంలోని బయోటిన్‌ను చిన్నపేగు గోడలో ఉండే ఒక వాహక ప్రోటీన్ లోపలికి తీసుకుంటుంది. అవిడిన్ గుంటలో కూర్చున్న బయోటిన్ ఆ వాహకానికి దొరకదు. పోనీ, జీర్ణరసాలు అవిడిన్‌ను ముక్కలు చేసి బయోటిన్‌ను విడిపిస్తాయా అంటే అదీ కుదరదు, బయోటిన్ చేరాక అవిడిన్ మరింత గట్టిపడి ఆ రసాలకు లొంగదు. రెండూ కలిసి మలంలో వెళ్ళిపోతాయి.

ఇప్పుడు లెక్కకు వద్దాం. ఒక కోడిగుడ్డు తెల్లసొనలో సుమారు 1.8 మిల్లీగ్రాముల అవిడిన్ ఉంటుంది. అవిడిన్ అణుభారం దాదాపు 67,000, బయోటిన్‌ది 244. ఒక అవిడిన్ నాలుగు బయోటిన్లను పట్టగలదు కాబట్టి, తన బరువులో సుమారు 69వ వంతు బయోటిన్‌ను కట్టేయగలదు. అంటే ఒక గుడ్డులోని అవిడిన్ మహా అయితే 26 మైక్రోగ్రాముల బయోటిన్‌ను పట్టుకుంటుంది. పెద్దవాళ్ళకు రోజుకు సరిపోతుందని అమెరికా పోషకాహార ప్రమాణాలు చెప్పేది 30 మైక్రోగ్రాములు. ఒక గుడ్డులో ఉండే బయోటిన్ సుమారు 10 మైక్రోగ్రాములు, అదీ చాలామటుకు పచ్చసొనలోనే. కాబట్టి పచ్చి గుడ్డు మొత్తంగా తాగినా, తనలోని బయోటిన్ పోను ఇంకో 16 మైక్రోగ్రాములను కట్టేసే శక్తి మిగులుతుంది. పచ్చసొనను పారేసిన కుర్రవాడి గ్లాసులో ఆ కాస్త ఊరట కూడా లేదు. ఆరు తెల్లసొనలకు 150 మైక్రోగ్రాములు దాటుతుంది, అతను రోజంతా తినే తిండిలోనైనా అంత బయోటిన్ ఉండటం కష్టం.

అయితే ఇది కాగితం మీది గరిష్ఠం. పొద్దున తాగిన అవిడిన్, రాత్రి తిన్న వేరుశనగలలోని బయోటిన్‌ను పేగులో కలుసుకోకపోవచ్చు. పైగా శరీరం తన దగ్గరున్న బయోటిన్‌ను తేలికగా వదులుకోదు, పాత ప్రోటీన్లు విరిగినప్పుడు అందులోదాన్ని విడదీసి మళ్ళీ వాడుకుంటుంది. అందుకే అప్పుడప్పుడు ఒకటో రెండో పచ్చి గుడ్లు తాగేవాళ్ళకు బయోటిన్ లోపం రాదు. ఆ మాటకొస్తే, నలభై ఏళ్ళుగా తాగుతున్నానని చెప్పే పెద్దాయన గ్లాసులో పచ్చసొన కూడా ఉంది, అది వారానికి ఏ రెండు రోజులో తాగే గ్లాసు.

రోజూ, పెద్ద మోతాదులో, చాలా కాలం తీసుకుంటే ఏమవుతుందో మనుషుల మీదే చూశారు. 1942లో అమెరికాలోని జార్జియా రాష్ట్రంలో సిడెన్‌స్ట్రికర్, ఆయన సహచరులు నలుగురు వాలంటీర్లకు బయోటిన్ తక్కువగా ఉన్న ఆహారంతోపాటు రోజుకు 200 గ్రాముల ఎండు తెల్లసొన పెట్టారు. పచ్చి లెక్కన అది యాభై గుడ్లకు తక్కువ కాదు. మూడు నాలుగు వారాలకు చర్మం సన్నగా పొట్టు రాలడం మొదలైంది. ఆ తరవాత నీరసం, దిగులు, కండరాల నొప్పులు, ఇంకొన్ని వారాలకు ఆకలి చచ్చిపోయి వికారం పట్టుకున్నాయి. బయోటిన్ ఇంజెక్షన్లు మొదలుపెట్టాక కొద్ది రోజుల్లోనే తేరుకున్నారు. పేగును దాటించి నేరుగా ఒంట్లోకి ఎక్కిస్తే నయమైంది కాబట్టి, తగాదా అంతా పేగులోనే జరుగుతోందని దీంతో రూఢి అయింది.

యాభై గుడ్లు ఎవరూ తాగరు కదా అని దీన్ని పక్కన పెట్టవచ్చు. కానీ 1968లో ప్రచురితమైన ఒక రోగి వివరాలు మన గ్లాసుకు చాలా దగ్గరగా ఉన్నాయి. కాలేయం గట్టిపడిన జబ్బు, అంటే సిరోసిస్ ఉన్న ఒక మహిళ, బలం కోసం రోజుకు ఆరు పచ్చి గుడ్లు పాలతో కలిపి సుమారు 18 నెలలు తీసుకుంది. చివరకు ఆకలి పోయి, వికారంతో, చర్మం పొలుసులు రేగి ఆస్పత్రికి చేరింది. బయోటిన్ ఇచ్చాక కోలుకుంది. మన లెక్కతో సరిచూస్తే, ఆరు గుడ్ల అవిడిన్ దాదాపు 156 మైక్రోగ్రాములను కట్టగలదు, ఆ గుడ్లలోనే ఉన్న బయోటిన్ సుమారు 60. పచ్చసొన వదలకుండా తాగినా రోజుకు 96 మైక్రోగ్రాముల లోటు పెట్టగల అవిడిన్ మిగిలింది. ఆమె కాలేయం దెబ్బతిని ఉందన్నది నిజమే. ఆరోగ్యవంతుడైన యువకుడికి ఆరు గుడ్లతో ఇంతటి పరిస్థితి రావాలని లేదు గానీ, మద్యం బాగా తాగేవారు, మూర్ఛకు ఫెనిటాయిన్, కార్బమజెపిన్ వంటి మందులు దీర్ఘకాలంగా వాడేవారు, గర్భిణులు మాత్రం బయోటిన్ విషయంలో ముందే అంచున ఉంటారు.

లోపం మొదలైతే ఎలా పసిగట్టాలి? రక్తంలో బయోటిన్ కొలిస్తే చాలదు. 1997లో డొనాల్డ్ మాక్ బృందం పదిమందికి ఇరవై రోజులు పచ్చి తెల్లసొన పెట్టి చూస్తే, రక్తంలో బయోటిన్ మామూలు స్థాయి కిందికి పడిపోయింది సగానికన్నా తక్కువ మందిలోనే. మూత్రం మాత్రం ముందే చెప్పింది. ల్యూసిన్ అనే అమైనో ఆమ్లాన్ని విరగ్గొట్టే ఒక ఎంజైముకు బయోటిన్ కావాలి. అది అందకపోతే ఆ దారి మూసుకుపోయి, పక్కదారిన 3-హైడ్రాక్సీ ఐసోవలరిక్ ఆమ్లం తయారై మూత్రంలో పెరుగుతుంది. చర్మం మీద ఏమీ కనిపించకముందే ఇది కనిపిస్తుంది. జుట్టు పలచబడటం, కళ్ళు, ముక్కు, నోటి చుట్టూ ఎర్రటి పొలుసుల దద్దురు చాలా తరవాతి సంగతులు. జుట్టు రాలడానికి సవాలక్ష కారణాలు ఉన్నాయి కాబట్టి, దాన్ని చూసి తెల్లసొనను దోషిగా నిలబెట్టడం తొందరపాటు.

ఉడికిస్తే అవిడిన్ పోతుందన్నది నిజమే గానీ, ఎంత ఉడికిస్తే పోతుందన్న దగ్గర చాలామంది పొరబడతారు. తెల్లసొన 62 డిగ్రీల సెల్సియస్ దగ్గర గడ్డకట్టడం మొదలై తెల్లబడుతుంది. అవిడిన్ రూపం చెదరాలంటే దాదాపు 85 డిగ్రీలు కావాలి. అంటే తెల్లగా కనిపించిన ప్రతి తెల్లసొనలోనూ అవిడిన్ చచ్చిందని నమ్మకం లేదు. 1991లో కొలిచి చూసినప్పుడు, పెంకు తీసి వేడినీళ్ళలో వదిలి తేలికగా ఉడికించిన గుడ్డులో బయోటిన్‌ను పట్టే శక్తి మూడింట రెండు వంతులకు పైగా మిగిలే ఉంది, పెనం మీద వేయించినదానిలో కూడా మూడో వంతు మిగిలింది. మరిగే నీళ్ళలో నాలుగు నిమిషాలు దాటాకే అది పూర్తిగా పోయింది. మన ఇళ్ళలో పది నిమిషాలు ఉడికే గుడ్డుకు ఈ చింత లేదు. బండి మీద అర నిమిషంలో దించే హాఫ్ బాయిల్‌కు కాస్త ఉంది, అయితే రోజుకు ఒకటో రెండో అయితే ఆ మిగిలినదాంతో భయపడాల్సింది లేదు.

నిజానికి పచ్చి గుడ్డు తాగి ఆస్పత్రిపాలయ్యేవారిలో ఎక్కువమందిది అవిడిన్ గొడవ కాదు, గుడ్డును కలుషితం చేసే సాల్మొనెల్లా అనే బ్యాక్టీరియా గొడవ. 2024 అక్టోబరు చివర తెలంగాణ ప్రభుత్వం పచ్చి గుడ్లతో చేసే మయోనీజ్‌ను ఏడాదిపాటు నిషేధించింది కూడా ఆహారం కలుషితమై జనం జబ్బుపడటం వల్లే. అవిడిన్ నెలల తరబడి నెమ్మదిగా దెబ్బతీస్తే, సాల్మొనెల్లా ఒకటి రెండు రోజుల్లోనే మంచాన పడేస్తుంది.

ఇక ప్రోటీన్ కోసమే ఆరు తెల్లసొనలు తాగే కుర్రవాడికి ఇంకో లెక్క ఉంది. 1998లో బెల్జియంలో గుర్తుపట్టగల కార్బన్‌తో గుడ్డు ప్రోటీన్‌ను తయారుచేసి, అది చిన్నపేగు చివరకు చేరేసరికి ఎంత జీర్ణమైందో కొలిచారు. ఉడికిన గుడ్డు ప్రోటీన్ 91 శాతం దాకా జీర్ణమైంది, పచ్చిది 51 శాతమే. ఆరు పచ్చి తెల్లసొనలు తాగితే అతని ఒంటికి పట్టేది దాదాపు మూడున్నర ఉడికిన తెల్లసొనల ప్రోటీనే.