‘దౌ’ అంటే ‘తమరు’ కాదు: పాత ఇంగ్లిషు మాటలపై అపోహలు

డిగ్రీ పిల్లలకు ఇంగ్లిషు సాహిత్యం చెబుతుంటాను. పాత పుస్తకం తెరిచిన రోజు ఏటా ఇవే అపోహలు ఎదురవుతాయి.

అపోహ: దౌ, దీ అనేవి గౌరవంగా పిలిచే మాటలు.

వాస్తవం దీనికి తలకిందులు. దౌ అంటే మన ‘నువ్వు’. దీ అంటే ‘నిన్ను’ లేదా ‘నీకు’, దై అంటే ‘నీ’. యీ అంటే ‘మీరు’. ఇప్పుడు అందరికీ వాడే యూ కూడా మొదట్లో ‘మిమ్మల్ని’ మాత్రమే. 13వ శతాబ్దం నుంచి, ఫ్రెంచివాళ్ల మర్యాద చూసి, ఎదుట ఉన్నది ఒక్కరే అయినా పెద్దవారైతే బహువచనంలో పిలవడం మొదలైంది. దౌ పిల్లలకూ నౌకర్లకూ ఆప్తులకూ మిగిలింది, కోపం వస్తే ఎవరికైనా తగిలేది.

1603లో సర్ వాల్టర్ రాలీ మీద రాజద్రోహం విచారణ జరిగినప్పుడు, ప్రభుత్వం తరఫున వాదించిన ఎడ్వర్డ్ కోక్ ‘ఐ దౌ దీ, దౌ ట్రెయిటర్’ అని అరిచాడు. అందులో మొదటి దౌ క్రియ. ‘నిన్ను నువ్వు అనే అంటానురా, ద్రోహీ!’ అన్నమాట. ఏకవచనమే అక్కడ తిట్టు. ‘నువ్వు’ అన్నందుకు గొడవలు చూసిన మనకు ఇది విడమరచి చెప్పక్కర్లేదు.

మరి గౌరవం అనే భ్రమ ఎలా వచ్చింది? 1611 నాటి ఇంగ్లిషు బైబిల్లో ఒక్కరిని పిలిస్తే దౌ, పలువురిని పిలిస్తే యీ. దేవుడికీ దౌ, సైతానుకూ దౌ. తర్వాత మామూలు మాటల్లోంచి దౌ జారిపోయి ప్రార్థనల్లో మిగిలింది, అందుకే చెవికి పవిత్రంగా వినిపిస్తుంది. దేవుణ్ణి మనమూ ‘నువ్వు’ అనే పిలుస్తాం కదా.

అపోహ: అన్నిచోట్లా యూ అనుకుని చదివేస్తే నష్టం లేదు.

లూకా సువార్త 22వ అధ్యాయం, 31, 32 వచనాలు చూడండి. యేసు పేతురుతో మాట్లాడుతూ, సైతాను ‘యూ’ని కోరుకున్నాడు, నేను ‘దీ’ కోసం ప్రార్థించాను అంటాడు. రెండూ యూ అనుకుంటే ప్రమాదం పేతురు ఒక్కడికే అనిపిస్తుంది. నిజానికి సైతాను కోరింది శిష్యులందరినీ, ప్రార్థన పేతురు కోసం. తెలుగు బైబిల్లో ‘మిమ్మును’, ‘నీకొరకు’ అని ఈ తేడా నిలిచే ఉంది. ఇలాంటి చోట అనుమానం వస్తే నేను తెలుగు పుస్తకమే తెరుస్తాను.

అపోహ: హాత్ భూతకాలం.

కాదు, హ్యాజ్‌కు పాత రూపం, అంతే. డజ్‌కు డోత్ కూడా అలాంటిదే. దౌ పక్కన మాత్రం హాస్ట్ వస్తుంది.

అపోహ: షల్ అంటే ఎప్పుడూ భవిష్యత్తే.

‘ఐ షల్’ చాలాచోట్ల మామూలు భవిష్యత్తే. దౌ పక్కన షాల్ట్‌గా మారినప్పుడు మాత్రం అది తరచుగా ఆజ్ఞ అవుతుంది. పది ఆజ్ఞల్లోని ‘దౌ షాల్ట్ నాట్ స్టీల్’ను ‘నువ్వు దొంగిలించవు’ అని రాసిన జవాబులు దిద్దాను. ‘దొంగిలకూడదు’ అని రాయాలి.